31 వాక్యాల మెయిల్‌లో పేరు పెట్టమన్న మాటే లేదు

(అనంతపురంలో ఒక ఆదివారం ఉదయం, ఫ్రెంచి కంపెనీలతోనూ సంస్థలతోనూ పనిచేసే కుర్రవాళ్ల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు నుంచి రాసినది. తెర మీద చూపించిన రెండు మెయిళ్లు ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనకాల ఫ్యాను తిరగట్లేదు అంటున్నారు, ముందుకు జరిగి కూర్చోండప్పా, ఇక్కడ చోటు ఉంది. ఇంత ఎండలో ఫ్రెంచి మెయిలు గురించి వినడానికి వచ్చారంటే మీకు అవసరం పడే ఉంటుంది. ఎంతమందికి పడింది? ఫ్రెంచివాళ్లతో పనిచేస్తూ ఎప్పుడో ఒకసారి కోపంతో మెయిలు టైపు చేసినవాళ్లు చేతులెత్తండి. సరే. పంపినవాళ్లు? ఊఁ, ఇప్పుడు చేతులు తగ్గాయి. నా చెయ్యి మాత్రం ఎత్తే ఉంచుతాను, నేనూ ఒకసారి పంపాను. ఆ సంగతి మధ్యలో చెప్తాను.

ఈ రోజు ఒక్క మెయిలు గురించే మాట్లాడతాను. మన జిల్లా కుర్రవాడే. నాకు తమ్ముడి వరస అవుతాడు, పేరు చెప్పను. మ్యాపులు గీస్తాడు. కంప్యూటర్లో గీసే మ్యాపులు. ఫ్రాన్సులో ఒక బృందం మన దగ్గర బోరు నీళ్ల మట్టాల మీద పని పెట్టుకుంది. బోర్ల గురించి మనకెవరూ చెప్పాల్సిన పని లేదు కదా, మన ఇళ్లలో పెళ్లి సంబంధాలకంటే బోరు పాయింటు గురించే ఎక్కువ మాట్లాడతాం. ఈ అబ్బాయి వాళ్లకు రెండేళ్లు పనిచేశాడు. నివేదికలో మూడో అధ్యాయానికి 14 మ్యాపులు గీసి, ఆ బృందంలో తనతో పనిచేసే ఆవిడకు ఫిబ్రవరి 12న పంపాడు. మే 2న నివేదిక అయిదో వెర్షను వచ్చింది, మే 20న ప్రింటుకు పోతుంది అన్నారు. తెరిచి చూశాడు. రెండో పేజీలో మ్యాపులు గీసినవాళ్లు అని ఒక లైను ఉంది. అందులో వాళ్ల పేర్లే ఉన్నాయి, ఇతని పేరు లేదు.

రాత్రి పదకొండున్నరకు నాకు ఫోను. "అక్కా, ఒక మెయిలు రాసినాను, ఫ్రెంచిలో తప్పులేమన్నా ఉన్నాయేమో చూడు, పొద్దున్నే పంపేస్తాను." తప్పులు చూడమన్నాడు అంతే. మెయిలు మార్చమనలేదు. మామూలుగా అందరూ అడిగేది ఇదే కదా? "గ్రామరు చూడండి మేడం." గ్రామరు బాగానే ఉంది, అదే వచ్చిన చిక్కు. మొత్తం 31 వాక్యాలు. కొన్ని మాత్రం తెర మీద పెడుతున్నాను, చూడండి.

```
Objet : SCANDALE !

Madame,

Je suis choqué de voir que vous avez volé mes cartes.
Vous avez toujours ignoré mon travail.
Vous prétendez que votre équipe a tout fait.
C'est inadmissible !!! J'exige des explications.

Cdt
```

ఫ్రెంచి రానివాళ్ల కోసం: "మేడం, మీరు నా మ్యాపులు దొంగిలించారని చూసి నిర్ఘాంతపోయాను. మీరు ఎప్పుడూ నా పనిని పట్టించుకోలేదు. అంతా మీ బృందమే చేసిందని చెప్పుకుంటున్నారు. ఇది సహించరానిది. సంజాయిషీ కావాలి." కింద చివరన మూడక్షరాల సంతకం ముక్క.

ఇందులో బూతు ఉందా? లేదు. మర్యాద తప్పాడా? "మీరు" అనే అన్నాడు, "మేడం" అన్నాడు. అయినా ఇది చదివిన ఆమెకు చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. ఎందుకో చెప్తాను, కొంచెం నిదానంగా వినండి, అసలు విషయం ఇక్కడే ఉంది.

ఈ ఇద్దరూ రెండేళ్లుగా "తు" అనుకుంటున్నారు. అంటే నువ్వు. ఫ్రెంచిలో "తు" అంటే నువ్వు, "వు" అంటే మీరు. పనిచేసే చోట కొంత చనువు వచ్చాక "మనం తు అనుకుందాం" అని నోరు తెరిచి చెప్పుకుని మరీ మారతారు. ఇతను కోపం వచ్చిన రాత్రి "వు" అని రాశాడు. మనకు కోపం వస్తే ఏం చేస్తాం? మీరు అన్నవాణ్ణి నువ్వు అంటాం. "ఏం నువ్వు చెప్పేది!" అంటాం. కిందికి దిగుతాం. ఫ్రెంచివాళ్లు పైకి ఎక్కుతారు. నువ్వు అనుకున్న మనిషిని ఉన్నట్టుండి మీరు అంటే, "నీకూ నాకూ ఇక పరిచయం లేదు" అని తలుపేసినట్టు. మనకూ ఈ రుచి కొంచెం తెలుసులెండి. ఇంట్లో గొడవైనప్పుడు మీ ఆవిడ "తమరు భోంచేస్తారా?" అంటే అది మర్యాదా? ఆ "తమరు" లాంటిదే ఈ "వు".

అందుకే నేను మొదట మార్చమన్నది ఇదే. కోపం రాకముందు ఏ పలకరింపు ఉందో అదే ఉంచు. నిన్నటిదాకా "బోఁజూర్" అని ఆమె పేరు రాస్తూ ఉంటే ఈ రోజూ అదే. మొదటి నుంచీ "వు" అనుకుంటున్నవాళ్లయితే "వు" ఉంచండి, చనువు చూపిద్దామని "తు"కు దిగొద్దు, అది ఇంకో తప్పు. మార్పు ఏ వైపు జరిగినా చదివేవాళ్లు మొదట దాన్నే చూస్తారు. మీ 14 మ్యాపుల సంగతి ఆ తర్వాత.

కింద సంతకం దగ్గర "Cdt" చూడండి. "కోర్దియాల్మాఁ" అన్న మాటను కుదించాడు. స్నేహపూర్వకంగా అని అర్థం, వాడుకలో మాత్రం మన "ఇట్లు" లాగా మామూలు ముగింపు అయిపోయింది. హడావిడిలో తోటివాళ్లకు ఇలా కుదించి రాస్తారు, దాన్నెవరూ పట్టించుకోరు. కానీ పైన అంత మంట పెట్టి, కింద మూడక్షరాలు పడేస్తే ఎలా ఉంటుంది? విసురుగా లేచి కుర్చీ తోసేసినట్టు ఉంటుంది.

దీని ఎదురు తప్పు నేను చేశాను. చెప్తానన్నాను కదా. చాలా ఏళ్ల కిందటి మాట, ఒక కంపెనీలో అనువాదం చేసేదాన్ని. 60 పేజీల యంత్రం మాన్యువల్ ఫ్రెంచి నుంచి తెచ్చాను, అచ్చులో ఇంకొకావిడ పేరు వచ్చింది. నేను చాలా మర్యాదగా రాయాలి అనుకుని, పుస్తకంలో నేర్చుకున్న పెద్ద ముగింపు పెట్టాను, "నా విశిష్ట నమస్కారములు స్వీకరించ ప్రార్థన" లాంటిది. రోజూ మెయిళ్లు రాసుకునే మనిషికి! ఆవిడ దాన్ని లాయరు నోటీసు అనుకుంది. ఆరు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అంత బరువైన ముగింపు బ్యాంకుకు, ప్రభుత్వ ఆఫీసుకు, ముఖం తెలియనివాళ్లకు. పక్క సీటు మనిషికి పెడితే మంచుగడ్డ చేతిలో పెట్టినట్టే. పేరు మాటేమైంది అంటారా? మాన్యువల్ రెండో ముద్రణ రానే లేదు. పోనీలెండి.

ఇప్పుడు మధ్యలో మాటలకొద్దాం. "వోలే", దొంగిలించడం. ఈ మాట రాసి ఆమెకు ఒక్కతెకే పంపి ఉంటే అదొక రకం. పైన సీసీలో ఆమె పై అధికారి, ప్రాజెక్టు పెద్ద, ఇంకొకాయన, మొత్తం ముగ్గురు. పదిమంది ముందు ఒకరి మీద నేరం మోపడం. ఫ్రాన్సులో పరువునష్టం సంగతి 1881 జులై 29 నాటి పత్రికా స్వేచ్ఛ చట్టంలో ఉంది. ఒక మనిషి గౌరవానికి భంగం కలిగించే ఫలానా పని చేశాడని ఆరోపిస్తే అది ఆ కిందికి వస్తుంది. మెయిలు రాసినందుకు ఇతన్ని కోర్టుకు లాగుతారని నేను అనట్లేదు. ఆమె పేరు సంగతి వెనక్కి నెట్టి ఇతని మాటే పట్టుకుంటుంది అంటున్నాను. "నన్ను దొంగ అన్నాడు" అని మొదలవుతుంది. ఆ తర్వాత వారం రోజులు ఆ మాట మీదే చర్చ, పేజీ 2 గురించి ఎవరికీ గుర్తుండదు. మీరే చెప్పండి, అన్యాయం జరిగినవాడు ఎవడు, క్షమాపణ చెప్పాల్సి వచ్చేది ఎవడికి?

సీసీ గురించి కూడా. మొదటి మెయిలుకే పై అధికారిని కాపీలో పెట్టడం అక్కడ ఫిర్యాదు కిందే లెక్క. మన దగ్గర "సారు కూడా చూస్తాడులే" అని అలవాటుగా పెడతాం. వాళ్లు అలవాటు అనుకోరు. ముగ్గుర్నీ తీసేయించాను. వాడికి బాధ కలిగింది. "అక్కా, అప్పుడు ఆమె నొక్కేస్తే?" అన్నాడు. నొక్కేస్తే రెండో మెయిలు ఉంది కదా నాయనా, మొదటిదాంట్లోనే అన్నీ ఖర్చు పెట్టుకుంటే రెండోదాంట్లో ఏం పెడతావు?

"ఇన్యోరే", "ప్రెతాంద్ర్". ఈ రెండూ ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచికి వచ్చినవాళ్లకు గోతులు. ఇన్యోరే అనేదానికి మొదటి అర్థం తెలియకపోవడం, పట్టించుకోకపోవడం కాదు. ఆ రెండో అర్థం కూడా ఉంది కాబట్టి ఇక్కడ తప్పు కాలేదు, కానీ చదివేటప్పుడు ఒక క్షణం ఆగుతారు. ప్రెతాంద్ర్ మాత్రం నటించడం కాదు, గట్టిగా చెప్పుకోవడం, అందులో "అది నిజం కాదు" అన్న వాసన ఉంటుంది. "మీరు అబద్ధం చెప్తున్నారు" అన్నదానికి చుట్టం. "షోకే" కూడా అంతే, ఇంగ్లీషులో షాక్ అయ్యాను అని కాఫీ చల్లారినా అంటాం. ఫ్రెంచిలో దానికి నైతికంగా నొచ్చుకోవడం అనే బరువుంది. ఆ స్థానంలో "సుర్‌ప్రి", ఆశ్చర్యపోయాను, అని పెట్టొచ్చు. చివరికి మా మెయిల్లో అది కూడా అక్కర్లేకపోయింది.

ఇక "ఎప్పుడూ" అన్న మాట. "మీరు ఎప్పుడూ నా పనిని పట్టించుకోలేదు." నేను అడిగాను, ఎప్పుడూ లేదా? నీ మ్యాపులు బాగున్నాయని ఒక్కసారి కూడా అనలేదా? కొంచెంసేపు మౌనం. మార్చిలో ఒక మెయిలు వచ్చిందట, "చాలా బాగున్నాయి, థాంక్స్" అని. అయిపోయింది. ఆ ఒక్క మెయిలు ఆమె ముందుకు పెడితే ఇతని 31 వాక్యాలూ పోతాయి.

ఇవన్నీ మాటల సంగతి. మాటలు మారిస్తే మెయిలు బాగుపడుతుందా? పడదు. వోలే తీసి మెత్తటి మాట పెడితే మెత్తటి దెప్పిపొడుపు తయారవుతుంది, అంతే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "టోన్ తగ్గించాను మేడం" అని తెస్తారు. టోన్ తగ్గింది సరే, ఇంతకీ ఏం కావాలి?

నేను వాణ్ణి అడిగింది కూడా ఇదే. ఫ్రెంచి పక్కన పెట్టు, తెలుగులో చెప్పు, నీకు ఏం కావాలి? పది నిమిషాలు చెప్పాడు. రెండేళ్ల పని చెప్పాడు, ఎండలో నార్పల దాకా బండి మీద పోయింది చెప్పాడు, రాత్రి రెండింటిదాకా మేలుకున్నది చెప్పాడు. అన్నీ నిజమే. కానీ ఏం కావాలో చెప్పలేదు. మెయిల్లో "సంజాయిషీ కావాలి" అని ఉంది. సంజాయిషీ వస్తే పేరు వస్తుందా? ఆమె మూడు పేజీల సంజాయిషీ రాసి పంపొచ్చు, నివేదిక 20న పేరు లేకుండానే ప్రింటుకు పోతుంది. మళ్లీ అడిగాను. అప్పుడన్నాడు, "నా పేరు పెట్టాలక్కా." 31 వాక్యాల్లో ఎక్కడా లేని మాట. ఎక్కడ పెట్టాలి? పేజీ 2లో. ఏమని పెట్టాలి? ఆలోచించాడు. ఎప్పటిలోగా? 20 లోపల. ఇదిగో, మెయిలు ఇక్కడ పుట్టింది.

ఆ తర్వాత వాడు రాసింది ప్రింటు తీసి, వాక్యం వాక్యానికీ ఒకటే ప్రశ్న వేశాం. దీనికి అటాచ్‌మెంట్ పెట్టగలవా? "మీకు ధైర్యం లేదు." పెట్టగలవా? లేదు, కొట్టేయి. "మీ బృందమే అంతా చేసిందంటున్నారు." ఎక్కడన్నారు? అనలేదు, పేజీ 2 చూస్తే అలా అనిపించింది. కొట్టేయి. "మ్యాపులు ఫిబ్రవరి 12న పంపాను." పెట్టగలవా? ఆ రోజు మెయిలు ఉంది. ఉంచు. ఇలా పోతే 31లో నాలుగు మిగిలాయి.

ఇక్కడ రెండు సంగతులు బయటపడ్డాయి, రెండూ వాడికి నచ్చలేదు.

ఒకటి, వాడు "నా డేటా, నా పని మొత్తం" అని రాశాడు. నీళ్ల మట్టాల అంకెలు ఎవరివి? కొన్ని ప్రభుత్వ శాఖ నుంచి వచ్చినవి, కొన్ని వాళ్ల బృందం పెట్టిన పరికరాలు కొలిచినవి. ఇతనివి మ్యాపులు. చట్టంలో కూడా తేడా అక్కడే ఉంది. బోరు 180 అడుగుల్లో నీళ్లు ఉన్నాయన్నది ఒక నిజం, దానికి రచయిత ఉండడు. దాన్ని రంగుల్లో, గీతల్లో మ్యాపుగా గీస్తే ఆ మ్యాపుకు కర్త ఉంటాడు. ఫ్రెంచి మేధాసంపత్తి చట్టం మ్యాపుల్ని పేరు పెట్టి మరీ రచనల జాబితాలో చేర్చింది. రచయితకు తన పేరు మీద ఉన్న హక్కు ఎప్పటికీ పోదు, అమ్ముకున్నా పోదు అంటుంది, ఎల్ 121-1 అనే అధికరణం. మన 1957 కాపీరైటు చట్టంలో 57వ సెక్షను కూడా దాదాపు అలాంటిదే, హక్కులు రాసిచ్చేశాక కూడా "ఇది నాది" అని చెప్పుకునే హక్కు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు తొందరపడకండి, మీరు ఉద్యోగంలో రాసిన కోడు మీద ఆర్థిక హక్కులు ఫ్రాన్సులో మామూలుగా యజమానివే. అదంతా ఇప్పుడొద్దు. నేను చెప్పేది ఏమంటే, సెక్షను మీకు తెలిసి ఉండాలి, మొదటి మెయిల్లో మాత్రం రాయకూడదు. రాసిన రోజు ఆమె జవాబివ్వదు, వాళ్ల లీగల్ వాళ్లు ఇస్తారు. నెల పడుతుంది. 20వ తారీఖు ఆగుతుందా?

రెండో సంగతి దీనికంటే ముఖ్యం. అటాచ్‌మెంట్ కోసం పాత వెర్షన్లన్నీ తెరిపించాను. మూడోది, నాలుగోది. నాలుగో వెర్షనులో పేజీ 2 చూడు అన్నాను. చూశాడు. అతని పేరు అక్కడ ఉంది! నాలుగులో ఉంది, అయిదులో లేదు. ఆ రెండింటి మధ్య పేజీ డిజైను మొత్తం మారింది, అక్షరాలు మారాయి, లైను కుదించారు. కావాలని తీశారా, మార్చేటప్పుడు జారిపోయిందా? మనకు తెలియదు. కానీ వాడు రాత్రంతా కుదిరించుకున్న కథ ఒక్కసారిగా కదిలిపోయింది. పాత వెర్షను తెరవకుండా పంపి ఉంటే ఏమయ్యేది? మీరే ఊహించుకోండి.

సరే, చివరికి పంపిన మెయిలు ఇది.

```
Objet : Rapport final, mention des cartes (page 2)

Bonjour C.,

Merci pour la version 5 du rapport.
En la relisant, j'ai constaté que mon nom ne figure plus
à la page 2, alors qu'il y était dans la version 4.
Sauf erreur de ma part, les 14 cartes du chapitre 3 sont
celles que je t'ai envoyées le 12 février (mail ci-joint).

Pourrais-tu rétablir la mention suivante avant le départ
à l'impression, le 20 mai :
« Cartes du chapitre 3 : [nom], Anantapur » ?

Si ce choix est volontaire, j'aimerais en connaître la raison.
Je suis joignable jeudi entre 10 h et 13 h, heure de Paris.

Bien cordialement,
```

తెలుగులో: "అయిదో వెర్షను పంపినందుకు థాంక్స్. చదువుతుంటే గమనించాను, నా పేరు పేజీ 2లో ఇప్పుడు కనబడట్లేదు, నాలుగో వెర్షనులో ఉండింది. నేను పొరబడకపోతే మూడో అధ్యాయంలోని 14 మ్యాపులూ ఫిబ్రవరి 12న నేను పంపినవే, ఆ మెయిలు జత చేశాను. 20న ప్రింటుకు పోయేలోగా ఈ లైను తిరిగి పెట్టగలవా? కావాలనే తీసి ఉంటే కారణం తెలుసుకోవాలని ఉంది. గురువారం పారిస్ టైము ప్రకారం పది నుంచి ఒంటిగంట దాకా ఫోన్లో దొరుకుతాను."

ఇది మెత్తగా ఉందా? నాకైతే ముందుదానికంటే గట్టిగా ఉంది. మూడు మాటల దగ్గర ఆగుదాం, ఈ మెయిలు బరువంతా వాటి మీద నిలబడింది.

"న ఫిగ్యుర్ ప్లు." కనబడట్లేదు అనడానికి "పా" పెట్టొచ్చు, "ప్లు" పెట్టొచ్చు. పా అంటే లేదు. ప్లు అంటే ఇంతకుముందు ఉండేది, ఇప్పుడు లేదు. నాలుగక్షరాల మాట. "నా పేరు మీరు తీసేశారు" అని చెప్పకుండానే, ఉన్న పేరు పోయింది అని చెప్పేసింది. ఎవరు తీశారో చెప్పలేదు, ఎందుకంటే మనకు తెలియదు. ఇంకో సంగతి చూడండి, వాక్యానికి కర్త ఎవరు? "నా పేరు." మొదటి మెయిల్లో చాలా వాక్యాలకు కర్త "మీరు". మీరు చేశారు, మీరు అన్నారు, మీరు లేదు. ఎదుటి మనిషిని కర్తగా పెట్టిన ప్రతిసారీ ఆమె ఆ వాక్యానికి జవాబు చెప్పుకోవాలి. పేరును కర్తగా పెడితే పేరును సరిచేస్తే సరిపోతుంది.

"సోఫ్ ఎరర్ ద మా పార్." నా వైపు పొరబాటు లేకపోతే. ఇది వట్టి వినయం అనుకోకండి. ఫ్రెంచి ఆఫీసుల్లో ఇది రోజూ నలిగే మాట, దీని తర్వాత వచ్చేది మామూలుగా రుజువు ఉన్న మాటే. ఎదుటివాళ్లకు తప్పుకోవడానికి ఒక తలుపు తెరిచి, ఆ తలుపు పక్కనే రుజువు పెడతారు. కానీ రుజువు లేకుండా ఈ మాట వాడితే నిజంగానే మీకు నమ్మకం లేదనుకుంటారు.

"రెతాబ్లీర్." దీని మీద మేమిద్దరం పావుగంట వాదించుకున్నాం. వాడు "అజుతే" అని రాశాడు, చేర్చడం. నా పేరు చేర్చగలవా? చేర్చడం అంటే లేనిది పెట్టడం, అది ఆమె చేసే ఉపకారం. రెతాబ్లీర్ అంటే ఉన్నదాన్ని తిరిగి దాని చోట నిలబెట్టడం. అది నాది, పోయింది, మళ్లీ పెట్టు. మనం ఊళ్లో గట్టు జరిగితే ఏమంటాం? "నాకు రెండు అడుగులు ఇయ్యి" అంటామా, "గట్టు పాత చోటికి జరుపు" అంటామా? అడిగేది ఒకటే నేల, హక్కు మాత్రం క్రియలో ఉంది.

అడిగే పద్ధతి కూడా చూడండి. "పుర్రే తు", చేయగలవా. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా "మెర్సి ద" అని మొదలుపెడతారు, థాంక్స్ అని ఉంది కదా మర్యాదగా ఉంటుందని. మెర్సి ద రెతాబ్లీర్ అంటే "తిరిగి పెట్టండి, అంతే" అని ఆర్డరు. ప్రింటరు దగ్గర కాగితం మీద అంటిస్తారు చూడండి, "దయచేసి కాగితాలు వృథా చేయకండి" అని, ఆ దయచేసిలో ఎంత దయ ఉందో ఈ మెర్సిలో అంతే థాంక్స్ ఉంది.

పెట్టాల్సిన లైను కొటేషన్లలో తయారుగా ఇవ్వడం కూడా మర్చిపోకండి. ఆమె కాపీ చేసి అతికిస్తే పని అయిపోవాలి. "నా పేరు సముచితంగా ప్రస్తావించండి" అని రాస్తే, నివేదిక చివర్లో 40 మంది కృతజ్ఞతల గుంపులో మీ పేరు పెట్టి, ప్రస్తావించాం కదా అంటారు.

ఇంకొక చిన్న విషయం, ఫ్రెంచి నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నారు కాబట్టి. "envoyées" చూడండి, చివర రెండు అక్షరాలు అదనంగా ఉన్నాయి. మ్యాపులు స్త్రీలింగం, బహువచనం, క్రియకంటే ముందే వచ్చేశాయి, కాబట్టి క్రియ వాటికి తగ్గట్టు మారాలి. మొదట వాడు మార్చలేదు. నోటితో పలికితే తేడా వినబడదు, కాగితం మీద మాత్రం కనబడుతుంది. మామూలు మెయిల్లో ఎవరూ పట్టించుకోరు. కానీ నేను చేసిన పనికి పేరు ఇవ్వండి అని అడిగే మెయిల్లో తప్పు ఉంటే, ఎదుటివాళ్లకు చూపు తిప్పుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. అన్యాయమే, ఏం చేస్తాం.

ఫోను టైము సంగతి ఎవరో అడుగుతున్నారు. మే నెలలో పారిస్ మనకంటే మూడున్నర గంటలు వెనక. వాళ్ల పది మన మధ్యాహ్నం ఒకటిన్నర. చలికాలం నాలుగున్నర గంటలు అవుతుంది. వాళ్ల టైమే రాయండి, లెక్క మీరు వేసుకోండి.

జవాబు రాకపోతే? నాలుగైదు పని దినాలు ఆగి, అదే మెయిలు మీద రెండు లైన్లు. "జ మ పెర్మె ద రవ్‌నీర్ వెర్ త్వా", నీ దగ్గరకు మళ్లీ రావడానికి చొరవ తీసుకుంటున్నాను, ఫలానా తారీఖు మెయిలు గురించి. "నేను ముందే చెప్పినట్టు" అని మాత్రం వద్దు, అది ఫ్రెంచిలోనూ దెప్పడమే. దానికీ రాకపోతే మూడోదాంట్లో ప్రాజెక్టు పెద్దను కాపీలో పెట్టండి, కాపీలో పెడుతున్నానని మెయిల్లోనే చెప్పి పెట్టండి. ఆ తర్వాత రిజిస్టర్డ్ ఉత్తరాలు, లాయర్లు. అది వేరే భాష, అక్కడ నా పని లేదు. ఇంకోటి, రెండోసారీ మూడోసారీ అదే మనిషి మీ పేరు తీస్తుంటే ఈ సోఫ్ ఎరర్‌లు పనిచేయవు. ఒక పొరబాటుకు రాసే మెయిలు ఇది. అలవాటుగా చేసేవాళ్ల దగ్గర పని మొదలుకాకముందే కాగితం మీద పేరు ఎక్కడ వస్తుందో రాయించుకోవాలి.

ఏమైంది అని అడుగుతున్నారు. గురువారం దాకా ఆగక్కర్లేకపోయింది. రెండో రోజే జవాబు. పేజీలు అమర్చే ఆవిడ కొత్త డిజైనులోకి పాత లైను పూర్తిగా తేలేదట, సారీ చెప్పింది, సరిచేసిన పేజీ జత చేసింది. నిజంగా జారిపోయిందా, జారనిచ్చారా, నాకు తెలియదు. ఆ మాట వాడూ అడగలేదు.

పేజీ తెరిచాడు. పేరు ఉంది. స్పెల్లింగు సరిగ్గా ఉంది. పక్కన ఊరి పేరు "Anantpur" అని ఉంది. మళ్లీ నాకు ఫోను. ఈసారి నవ్వుతున్నాడు. "అక్కా, దీనికి కూడా వెర్షను 4 జత చేయాల్నా?" అన్నాడు. వద్దురా, ఒక్క లైను రాయి అన్నాను. "మెర్సి బోకూ! జుస్త్ అఁ ప్తీ దెతాయ్ : అనంతపూర్, ఆవెక్ అఁ ఆ." చాలా థాంక్స్, ఒక్క చిన్న సంగతి, అనంతపురంలో మధ్యన ఇంకో "a" ఉంది. ఈసారి గ్రామరు చూడమని కూడా అడగలేదు, ఫోను పెట్టకముందే పంపేశాడు.